15 రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలని నోటీసు వస్తే 16వ రోజు ఏమవుతుంది?

ప్రశ్న: "హన్మకొండలో కిరాయికి ఉంటున్నం. నెలకు 6,500. మూడేండ్ల కింద 11 నెలల అగ్రిమెంట్ రాసుకున్నం, మళ్లీ రాయలే. మొన్న ఓనర్ లాయర్ తోటి నోటీసు పంపిండు, 15 రోజుల్లో ఖాళీ చేయాలట. బాబుకు పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డయి. 15 రోజులు దాటితే సామాన్లు బయట పడేస్తారా? ఎంత టైం అడగొచ్చు?"

జవాబు:

అక్కా, పడేయలేరు. 15 రోజులు దాటాక ఓనర్‌కు వచ్చేది కోర్టులో దావా వేసే హక్కు. మీ తలుపుకు తాళం వేసే హక్కు కాదు. నిరుడు ఇదే నోటీసు మా ఇంటికి వచ్చినప్పుడు ఈ తేడా తెలియక రెండు రాత్రులు నిద్రపోలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మేము కూడా హన్మకొండలోనే, మొదటి అంతస్తు పోర్షన్. కిరాయి 7,500, అడ్వాన్స్ 15,000. మీలాగే మాదీ 11 నెలల అగ్రిమెంట్. గడువు అయిపోయినా ఉంటూ వచ్చాం, ఓనర్ నెల నెలా కిరాయి తీసుకుంటూ వచ్చారు. ఇలా నడిచే ఇంటి కిరాయిని చట్టం నెలవారీ కిరాయిగా చూస్తుంది. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం దాన్ని ముగించడానికి ఓనర్ 15 రోజుల నోటీసు ఇస్తే చాలు, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. కిరాయిదారులకు రక్షణగా రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా అని చాలామంది అంటారు. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయిలకు అది వర్తించదు. 6,500 కాబట్టి మీరూ దాని బయటే ఉన్నారు. ముందు మీ పాత అగ్రిమెంట్ తీసి చూడండి. "రెండు నెలల ముందు చెప్పాలి" లాంటి షరతు ఉంటే 15 రోజుల మాట కంటే ముందు ఆ షరతును పట్టుకోవాలి. మా దాంట్లో అలాంటిదేమీ లేదు.

మాకు మొదట నోటీసు కాదు, ఫోన్ వచ్చింది. జనవరి 24న ఓనర్ ఫోన్ చేసి "కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చేస్తున్నాడు, నెలాఖరుకు ఖాళీ చేయండి" అన్నారు. మా ఆయన "పాపకు పది పరీక్షలు సార్" అంటే ఫోన్ పెట్టేశారు. ఫోన్‌లో చెప్పింది నోటీసు కిందికి రాదు. నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, పంపినవారి సంతకమో వారి తరఫు లాయర్ సంతకమో ఉండాలి. పోస్టులో రావచ్చు, చేతికి ఇవ్వొచ్చు, ఇంట్లో ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చు, అవేవీ కుదరకపోతే ఇంటి మీద అందరికీ కనిపించే చోట అంటించవచ్చు.

తర్వాత లాయర్ నోటీసు పోస్టులో వచ్చింది. పక్కింటి వదిన "తీసుకోకు, వాపస్ పంపు, అప్పుడు నోటీసు ఇచ్చినట్టే కాదు" అంది. మంచి మనసుతోనే చెప్పింది కానీ అది తప్పు సలహా. సరైన అడ్రస్‌కు పోస్టులో వచ్చిన నోటీసును తిరస్కరిస్తే కోర్టు అది మీకు చేరినట్టే లెక్కేస్తుంది. అందులో ఏం రాశారో మాత్రం మీకు తెలియకుండా పోతుంది. నేను సంతకం పెట్టి తీసుకున్నాను. కవరు వెనుక బాల్ పెన్‌తో "ఫిబ్రవరి 3, మధ్యాహ్నం" అని రాసి కవరును, కాగితాన్ని కలిపి ఫోటో తీసుకున్నాను. ఆ తేదీయే తర్వాత మాకు పనికొచ్చింది.

ఎలాగంటే, నోటీసు మీద తేదీ జనవరి 27. "ఈ తేదీ నుంచి 15 రోజుల్లో" అని రాశారు. ఆ లెక్కన ఫిబ్రవరి 11కే ఖాళీ చేయాలి, అంటే మా చేతికి అందాక ఎనిమిది రోజులు. కానీ చట్టం లెక్కపెట్టేది కాగితం మీది తేదీ నుంచి కాదు, నోటీసు మనకు అందిన రోజు నుంచి. మేము 3న అందుకున్నాం కాబట్టి 4 నుంచి లెక్కేస్తే పదిహేనో రోజు ఫిబ్రవరి 18.

ఇది చూసి నేను చాలా సంతోషపడ్డాను, నోటీసే చెల్లదు కదా అనుకున్నాను. కోర్టు దగ్గర ఒక లాయరమ్మను అడిగితే ఆవిడ నిదానంగా చెప్పింది. 2002 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, నోటీసులో రోజులు తక్కువ పడినంత మాత్రాన అది చెల్లకుండా పోదు. అసలు గడువు పూర్తయ్యాక దావా వేస్తే చాలు. "నోటీసు నెలాఖరుకే ముగియాలి" అని ఇప్పటికీ పెద్దవాళ్లు చెప్పే మాట కూడా ఆ సవరణతోనే పోయింది. కాబట్టి తేదీల్లో తప్పు దొరికినా దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి. అది మీకు నాలుగు రోజులు ఇస్తుంది, ఇల్లు ఇవ్వదు.

నిజంగా టైం ఇచ్చేది మీరు రాసే జవాబు. చాలామంది నోటీసు వస్తే భయంతో ఊరుకుంటారు, లేదా కోపంతో "ఖాళీ చేయం, ఏం చేసుకుంటావో చేసుకో" అంటారు. రెండూ నష్టమే. మేము ఫిబ్రవరి 6న లాయర్‌కు, ఓనర్‌కు ఇద్దరికీ ఒకే ఉత్తరం పోస్టులో పంపి రసీదు దాచుకున్నాం. అందులో రాసింది ఇంతే: "మీరు జనవరి 27 తేదీతో పంపిన నోటీసు మాకు ఫిబ్రవరి 3న అందింది. ఇల్లు ఖాళీ చేయడానికి మాకు అభ్యంతరం లేదు. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాయాల్సి ఉన్నందున ఏప్రిల్ 30 వరకు గడువు కోరుతున్నాం. అప్పటివరకు నెల నెలా కిరాయి చెల్లిస్తాం. జనవరి వరకు కిరాయి బాకీ లేదు. అడ్వాన్స్ 15,000 మీ దగ్గర ఉంది."

ఎంత టైం అడగొచ్చు అన్నారు కదా. చట్టం ప్రకారం మీకు ఉన్నది 15 రోజులే, ఆపైన దొరికేది ఓనర్ ఒప్పుకుంటేనే. అందుకే నోటికొచ్చిన ఆరు నెలలు అడగకుండా, కారణం కనిపించే తేదీ అడగండి. పరీక్షల షెడ్యూల్ కాపీ జత చేస్తే ఇంకా మంచిది. ఓనర్‌కు కూడా దావా అంటే లాయర్ ఫీజు, వాయిదాలు, నెలల తరబడి తిరుగుడు. రెండు మూడు నెలలు ఇచ్చి ప్రశాంతంగా ఇల్లు తీసుకోవడమే ఆయనకూ లాభమని లాయర్లే చెబుతారు.

మాకు మధ్యలో ఒక చేదు అనుభవం జరిగింది. ఫిబ్రవరి 20న పొద్దున నల్లా తిప్పితే నీళ్లు లేవు. కిందికి వెళ్లి చూస్తే బోరు మోటార్ స్విచ్ ఉన్న ఇనుప డబ్బాకు కొత్త తాళం ఉంది. మూడు రోజులు కింది నల్లా దగ్గర పట్టి బకెట్లు మెట్ల మీదుగా మోశాం. పాప చదువు మానేసి బకెట్ పట్టుకుంటే కడుపు తరుక్కుపోయింది. పోలీసులు మొదట "ఇది సివిల్ మేటర్" అన్నారు. అలా అన్నా ఫిర్యాదు కాగితం ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. నీళ్లు, కరెంటు ఆపడం, తాళం మార్చడం ఓనర్ చేయకూడని పనులు. చట్టప్రకారం తప్ప మమ్మల్ని కదిలించకూడదని సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగొచ్చు. నిజంగానే బయటికి తోసేస్తే, ఆరు నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి ఇంటి స్వాధీనం తిరిగి పొందొచ్చు. లాయర్‌కు డబ్బుల్లేవని ఆగకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఫోన్ నంబర్ 15100. మేము అక్కడికి వెళ్లామని తెలిశాక మరునాడే తాళం తీశారు.

కిరాయి మాత్రం ఒక్క నెల కూడా ఆపకండి. "ఎలాగూ పోతున్నాం, అడ్వాన్స్‌లో పట్టుకుంటాడులే" అనుకుంటే మీరే బాకీదారు అవుతారు. ఫిబ్రవరి కిరాయి ఇవ్వబోతే మా ఓనర్ తీసుకోనన్నారు. నోటీసు తర్వాత కిరాయి తీసుకుంటే నోటీసు రద్దయినట్టు అవుతుందేమోనని ఆయన భయం. చట్టంలో అలాంటి వాదనకు చోటుంది, కానీ ఊరికే డబ్బు తీసుకున్నంత మాత్రాన రద్దు కాదు, కిరాయి కొనసాగించే ఉద్దేశం కనిపించాలి. మేము ఆయన ఖాతాకు పంపి, "ఇది తీసుకున్నందువల్ల నోటీసు వదులుకున్నట్టు మేము వాదించం" అని ఒక వాక్యం రాసిచ్చాం. దాంతో ఆయన మనసు కూడా కుదుటపడింది, మాట్లాడటానికి దారి దొరికింది.

చివరికి ఆయన మార్చి 31 అన్నారు, మేము ఏప్రిల్ 30 అన్నాం, ఏప్రిల్ 15కు కుదిరింది. మాట మీద వదలకుండా తెల్ల కాగితం మీద రాసుకుని, ఇద్దరం సంతకాలు పెట్టి, ఇద్దరు సాక్షులను పెట్టాం. ఖాళీ చేసే తేదీ, అప్పటివరకు కిరాయి, తాళాలు ఇచ్చిన రోజే అడ్వాన్స్ వాపస్, రంగులకు 2,000 మినహాయింపు, ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. కోర్టులో సంవత్సరాలు లాగొచ్చు అని చెప్పేవాళ్లు ఉంటారు. ఈ రకం కిరాయిలో నోటీసు సరిగా ఉంటే కోర్టులో చెప్పుకోవడానికి మీ దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. పైగా గడువు దాటి ఉన్న ప్రతి నెలకూ కిరాయి కంటే ఎక్కువ పరిహారం కట్టమని కోర్టు చెప్పవచ్చు. అందుకే జవాబు పోస్ట్ చేసిన రోజు నుంచే ఇల్లు వెతకండి. బాబు బడి మారకుండా నాలుగు వీధుల దూరంలో చూసుకోండి. మాకు టులెట్ బోర్డుల కంటే కిరాణా కొట్టు ఆయనే ముందు చెప్పాడు.

ఏప్రిల్ 13, ఆదివారం కొత్త ఇంట్లో పాలు పొంగించాం. 15న పాత ఇల్లు కడిగి, కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసి, గోడలు, నల్లాలు, ఫ్యాన్లు ఓనర్‌కు చూపించాం. ఆయన 13,000 ఖాతాకు పంపాకే తాళాలు చేతిలో పెట్టి, "ఇల్లు, తాళాలు ముట్టినవి, బాకీ ఏమీ లేదు" అని సంతకం తీసుకున్నాం. మీరు ముందుగా ఈ రోజే ఆ కవరు మీద అందిన తేదీ రాయండి, పాత అగ్రిమెంట్ వెతకండి. అందులో నోటీసు గురించి ఏం రాసి ఉందో ఇక్కడ పెడితే మీ జవాబు ఎలా రాయాలో చెప్తాను.