కెమెరా గడియారాన్ని సరిచేసే ముందు ఒక ఫోటో తీయండి

ప్రశ్న: బ్యాటరీ తీసి కెమెరాను కొన్ని నెలలు బీరువాలో పెట్టాం. ఆ తర్వాత తీసిన పెళ్లి ఫోటోలన్నింటికీ 2019 జనవరి తేదీలు పడ్డాయి. అన్నింటినీ ఒకేసారి మార్చవచ్చా? మాది శ్రీకాకుళం.

జవాబు: మార్చవచ్చు. కానీ కెమెరా గడియారాన్ని ఇంకా సరిచేయకపోతే, దయచేసి అలాగే ఉంచండి. ముందుగా మీ ఫోనులో సెకన్లతో సహా కనిపించే గడియారాన్ని ఆ కెమెరాతో ఫోటో తీయండి. ఫోటోలో కనిపించే సమయానికీ, కెమెరా దానికి వేసిన సమయానికీ ఉన్న తేడానే మీకు కావలసిన సంఖ్య.

అయితే ఇది చివరిసారి బ్యాటరీ పెట్టిన తర్వాతి ఫోటోలకే కచ్చితంగా వర్తిస్తుంది. చాలా కెమెరాల్లో గడియారాన్ని నడిపే చిన్న సెల్ విడిగా ఉంటుంది, అది ప్రధాన బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది. నెలల తరబడి వదిలేస్తే ఖాళీ అవుతుంది. అప్పుడు ఫోటోల మధ్యలో బ్యాటరీ మార్చినా గడియారం మళ్లీ మొదటికి వెళ్లవచ్చు.

2024 అక్టోబరు 15న విజయనగరం సిరిమానోత్సవంలో మా బావమరిది కెమెరాకు ఇదే జరిగింది. ఫోటోలను పేరు వరుసలో పెట్టి చూస్తే, సంఖ్య పెరుగుతుండగా సమయం ఒక్కసారిగా 00:00 దగ్గరికి పడిపోయింది. గడియారం మళ్లీ మొదలైంది అక్కడే. అక్కడి నుంచి రెండు ఫోల్డర్లుగా విడదీశాం. ఒక్కోదానికి తేడా వేరు.

రెండో ఫోల్డర్‌కు మా చెల్లి ఫోను ఫోటో ఆధారమైంది. సిరిమాను కోట ముందుకు వచ్చిన అదే క్షణం ఫోనులో 2024 అక్టోబరు 15, 17:05:10. కెమెరాలో 2019 జనవరి 1, 01:12:40. తేడా 2114 రోజుల 15 గంటల 52 నిమిషాల 30 సెకన్లు. నెలలూ సంవత్సరాలూ నిడివిలో ఒకేలా ఉండవు కాబట్టి అంతా రోజుల్లోకి మార్చుకున్నాం. తర్వాత ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఈ ఆదేశం ఇచ్చాం:

```
exiftool "-AllDates+=0:0:2114 15:52:30" -ext jpg folder2
```

`folder2` స్థానంలో మీ ఫోల్డర్ పేరు రాయాలి. ఇది ఫోటో లోపల దాగిన మూడు తేదీలనూ ఒకే తేడాతో జరుపుతుంది, వాటి మధ్య వ్యవధి చెడదు. పాత ఫైళ్లను `_original` చివరతో పక్కనే ఉంచుతుంది. ఆదేశాన్ని పొరపాటున రెండుసార్లు నడిపితే తేడా కూడా రెండుసార్లు కలుస్తుంది, ఫోటోలు 2030కి వెళ్లిపోతాయి! అప్పుడు ఇలా వెనక్కి తెచ్చుకోవచ్చు:

```
exiftool -restore_original folder2
```

పెళ్లి ఫోటోలకు ఫోను ఆధారం దొరకడం కష్టం కాదు. తాళి కట్టే క్షణంలో మండపం చుట్టూ ఎన్ని ఫోనులు పైకి లేస్తాయో మీకు తెలుసు. కాకపోతే వాట్సాప్‌లో వచ్చిన కాపీలను వాడకండి, వాటిలో తీసిన సమయం సాధారణంగా ఉండదు. తీసినవారి ఫోనులోనే ఫోటో వివరాలు తెరిచి చూడండి.