చీటీలు ఎక్కించే పనా, డేటా సైన్సా?

ప్రశ్న: మాది రాయగడ. మా అమ్మాయి బరంపురంలో బీఎస్సీ బాటనీ పూర్తి చేసింది. ఒక హెర్బేరియంలో ఎండబెట్టిన మొక్కల షీట్లకు అంటించిన పాత చేతిరాత చీటీలు చూసి, ఆ వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని వచ్చింది. ఏడాది కాంట్రాక్టు. అది గుమాస్తా పనే కదండీ? దానికంటే హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సులో చేర్పిస్తే నయమా? మా వీధిలో పిల్లలంతా అందులోనే చేరుతున్నారు. – ఒక తండ్రి

జవాబు: అయ్యా, ఇలా అడిగే తండ్రులందరిదీ ఒకటే బెంగ. చదివించిన పిల్ల టైపు కొట్టుకుంటూ ఉండిపోతుందేమో, నలుగురూ అడిగితే ఏం చెప్పాలి అని. ఆ రెండో బెంగ మీది, అమ్మాయిది కాదు. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ముందు ఆ పనేమిటో చూద్దాం.

ఒక చీటీ మీద ఇలా ఉందనుకోండి:

```
Jeypore Hills, Vizagapatam Dist.
3000 ft.    5-4-99
```

ఉన్నది ఉన్నట్టు verbatimLocality, verbatimEventDate అనే గడుల్లో ఎక్కించాలి. స్పెల్లింగ్ కూడా దిద్దకూడదు. అంతవరకు టైపు పనే. అసలు పని ఆ పక్కన, మొక్కను సేకరించిన తేదీ నింపే eventDate గడి దగ్గర మొదలవుతుంది. ఏ 99? జయపురం విశాఖపట్నం జిల్లాలో ఉన్నది 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకానే. కాబట్టి ఇది 1999 కాదు, 1899. ఊరి పేరే తేదీని తేల్చింది. సేకరించిన మనిషి జీవితకాలం కూడా దానికి సరిపోవాలి.

మరి ఏప్రిల్ 5వ తేదీయా, మే 4వ తేదీయా? ఆ ఒక్క చీటీతో తేలదు. సేకర్తలు తమ షీట్లకు వరుస నంబర్లు వేసుకుంటారు. ఇదే మనిషివి దీనికి ముందు నంబర్ల షీట్లు తీసి చూడాలి. వాటిలో 28-3-99 అని ఉంటే, 28వ నెల ఉండదు గనక, ఈయన రోజు ముందు రాసేవాడని తెలుస్తుంది. అప్పుడు 1899-04-05 అని నింపవచ్చు. అలాంటి షీటు దొరక్కపోతే 1899 అని మాత్రమే రాసి ఆపేయాలి. ఊహించి నింపిన తేదీ ఖాళీ గడి కన్నా ప్రమాదం. తర్వాత ఈ మొక్క ఏ నెలలో పూస్తుందని లెక్క కట్టేవాళ్లు దాన్ని నిజమనే నమ్ముతారు.

ఊరి గడిలో ఇంకో గోతి ఉంది. తొందరలో ఉన్నవాళ్లు నేటి జయపురం పట్నం మీద గుర్తు పెట్టేస్తారు. ఆ పట్నం ఎత్తు సుమారు 2,200 అడుగులు, చీటీలో ఉన్నది 3,000. పైగా ఆ రోజుల్లో జయపురం అంటే మొత్తం జమీందారీ అని కూడా అర్థం. మీ రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి వైపంతా అందులోదే. కనుక నేటి జయపురం పట్నం కోరాపుట్ జిల్లాలో ఉంది కదా అని జిల్లా గడిలో ఆ పేరు రాయకుండా ఖాళీగా వదలడమే సరైన పని. ఈ సంగతి మీ అమ్మాయికి చప్పున తడుతుంది. ఎక్కడో దూరాన కూర్చున్నవాడికి తట్టదు, రాజస్థాన్ జైపూర్ అనుకున్నా అనుకుంటాడు.

పేర్ల దగ్గరా అంతే. `Det.` అని ఉన్న పేరు మొక్కను తర్వాత గుర్తుపట్టినవారిది, సేకర్తది కాదు. దాని పక్కనున్న తేదీని eventDate లో వేస్తే, చనిపోయిన మనిషి మొక్కలు కోసినట్టు రికార్డు తయారవుతుంది. అలాంటి తప్పులు దొరికేదీ అలాగే.

ఇక డేటా సైన్స్. నాకు ఆ కోర్సుల మీద అనుమానం ఎక్కువే. నేను చూసిన చాలా సంస్థలు ముందే శుభ్రం చేసిన పట్టికలు ఇచ్చి, వాటి మీద నాలుగు గ్రాఫులు గీయించి, సర్టిఫికెట్ చేతిలో పెడతాయి. చిందరవందరగా ఉన్న డేటా ఎదురైతే ఆ పిల్లలు తెల్లమొహం వేస్తారు. లెక్కలు, స్టాటిస్టిక్స్ అంటే అమ్మాయికి ఇష్టమైతే సంగతి వేరు. అడిగారా? అడక్కుండానే ఫీజు కనుక్కుని ఉంటారు! ఒకే సేకర్త పేరు పది రకాలుగా పడితే వాటిని కలిపి చూపించే OpenRefine ఉచితంగానే దొరుకుతుంది. ఈ పనిలో ఉంటూనే అది నేర్చుకోవచ్చు, పైథాన్ తర్వాత.

అలాగని ఈ కాంట్రాక్టుతో జీవితం స్థిరపడుతుందని చెప్పను. ప్రాజెక్టు ముగిస్తే జీతం ఆగుతుంది, పర్మినెంట్ పోస్టులు తక్కువ. ఎమ్మెస్సీ దరఖాస్తు మానకండి. మొక్కల వర్గీకరణ వైపు వెళ్తే ఈ ఏడాది అక్కరకొస్తుంది, కార్పొరేట్ ఉద్యోగమే కావాలంటే అంతగా రాదు.

చేరే ముందు అమ్మాయి చేత రెండు సంగతులు అడిగించండి, మీరు ఫోన్ చేయకండి. జీతం నెలకా, షీటుకింత అనా? షీటు లెక్కన ఇస్తే ముందు నంబర్లు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, గడులన్నీ ఊహలతో నిండుతాయి. తేలనివాటిని ఖాళీగా వదిలి పెద్దవాళ్లకు చూపించే ఏర్పాటు ఉందా? రెండింటికీ సరైన జవాబు వస్తే చేరనివ్వండి.