డబ్బా మీద ఒక బ్యాచ్ నంబరు, స్ట్రిప్ మీద ఇంకొకటి

“అమ్మ బీపీ మాత్రలు. డబ్బా మీద, స్ట్రిప్ మీద బ్యాచ్ నంబర్లు కలవడం లేదు. ఫోటోలు పెట్టాను. నకిలీవేనా?”

నంబర్లు కలవకపోవడం ఒక్కటే అయితే నేనింత టెన్షన్ పడేవాణ్ణి కాదండీ. షాపులో విడి స్ట్రిప్‌ను వేరే డబ్బాలో పెట్టి ఇవ్వడం మామూలే. నన్ను ఆపింది మీ రెండో ఫోటో. ఎక్స్‌పైరీ దగ్గర 2027లో 7 కింద పాత అంకె నీడ కనిపిస్తోంది, చుట్టూ రేకు మెరుపు పోయింది. పాత తేదీ తుడిచి కొత్తది కొట్టినప్పుడు ఇలాగే ఉంటుంది. డబ్బా మూత దగ్గర కూడా అట్ట పొర లేచింది, దాని మీద మళ్లీ జిగురు పెట్టారు.

డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. 2023 ఆగస్టు 1 నుంచి తయారైన 300 ప్రముఖ బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ లేదా బార్‌కోడ్ తప్పనిసరి. అందులో వచ్చే బ్యాచ్, తేదీలను స్ట్రిప్‌తో పోల్చండి. తేడా ఉంటే అనుమానం గట్టిపడుతుంది. కలిసినా అసలుదని చెప్పలేం, కోడ్‌నూ కాపీ కొడతారు. తేల్చేది ల్యాబ్ పరీక్షే.

ఈ మాత్రలు అమ్మకు ఇవ్వకండి, అలాగని బీపీ మందు ఆపకండి. ఈ రోజే వేరే షాపులో బిల్లుతో కొనండి. పాత స్ట్రిప్, డబ్బా, బిల్లు పారేయకుండా మీ జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి.