పాలపొడి రంగు మారడం కేరమెల్ కాదు, రంగు రాకముందే లైసిన్ పోతుంది

ప్రశ్న: డబ్బాలో చాన్నాళ్లుగా ఉన్న పాలపొడి లేత గోధుమ రంగుకి వచ్చింది, వాసన కూడా మారింది. అందులో చక్కెర కేరమెల్ అయిందా, లేక మెయిలార్డ్ అంటారే, అదా? పోషకాలు ఏమైనా పోతాయా?

మెయిలార్డే. అనుమానమే లేదు. కేరమెలైజేషన్ అంటే చక్కెర తనంతట తాను వేడికి విరిగిపోవడం. దానికి బాగా వేడి కావాలి. ఫ్రక్టోజ్ అయితే 110 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, గ్లూకోజ్‌కి, మామూలు తెల్ల చక్కెరకి 160 దాకా వెళ్లాలి. అల్మారాలో ఉన్న డబ్బా ఎంత ఎండాకాలమైనా ఆ దరిదాపులకి రాదు. మెయిలార్డ్ అంటే చక్కెర ప్రోటీన్‌తో కలిసి మారిపోవడం, దానికి ఆ వేడి అక్కర్లేదు. ప్రోటీన్, దాని పక్కనే పాలలోని చక్కెర లాక్టోజ్, కాస్త తేమ, కొన్ని నెలల టైమ్ ఉంటే 35, 40 డిగ్రీల దగ్గర కూడా అది నడుస్తూనే ఉంటుంది.

పోషకాల సంగతి మాత్రం ఒక్క మాటలో చెప్పలేను. నేను పాలపొడి తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేశాను, ఈ విషయం మీద అక్కడ నాకూ ప్రొడక్షన్ వాళ్లకీ పెద్ద గొడవే జరిగింది.

వెన్న తీసిన పాలపొడి లాట్ ఒకటి గోడౌన్‌లో చోటు చాలక రెండు చోట్ల పేర్చారు. సగం బస్తాలు చల్లగా ఉండే వైపు, మిగతా సగం అవతల బాయిలర్ ఉన్న గోడకి ఆనించి. కొన్ని నెలలకి గోడ పక్క సరుకు ఒక కొనుగోలుదారు నుంచి వాపసు వచ్చింది. బస్తా విప్పితే పొడి మీగడ రంగులో ఉంది, అడుగున చేత్తో నలిపితే గానీ విడిపోని గడ్డలు, ముక్కు దగ్గర పెడితే నిలవ వాసన. గోరువెచ్చని నీళ్లలో కలిపితే గ్లాసు అడుగున సన్నటి మడ్డి మిగిలింది. ప్రొడక్షన్ మేనేజర్ రిపోర్టు చూపించి "ప్రోటీన్ ఎంత ఉండాలో అంతే ఉంది కదా మేడమ్, రంగు మారితే ఏమైంది?" అన్నారు.

ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ప్రోటీన్ శాతం మామూలుగా ఎలా కొలుస్తారు? శాంపిల్‌లో ఉన్న నత్రజని ఎంతో కనుక్కుని, పాలైతే దాన్ని 6.38తో గుణిస్తారు, అంతే. మెయిలార్డ్‌లో నత్రజని ఎక్కడికీ పోదు. ప్రోటీన్‌లో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లానికి చక్కెర అంటుకుంటుంది గానీ లైసిన్‌లోని నత్రజని పొడిలోనే ఉంటుంది. కాబట్టి పొడి ఎంత పాడైనా ఆ అంకె దాదాపు కదలదు. కదలని అంకెని చూపించి సరుకు బాగుందనడం సైన్స్ కాదు.

అసలు జరిగేది ఇది. ప్రోటీన్ గొలుసులో అమైనో ఆమ్లాలు చేతులు పట్టుకుని వరసగా ఉంటాయి, చాలావాటి అమైనో గుంపులు ఆ పట్టులోనే ఇరుక్కుపోయి ఉంటాయి. లైసిన్‌కి మాత్రం రెండో అమైనో గుంపు ఒకటి గొలుసు బయటికి చాచి ఉంటుంది. లాక్టోజ్‌కి ఒక చివర తెరుచుకునే గుణం ఉంది, అది వచ్చి సరిగ్గా ఆ బయటి గుంపుని పట్టుకుంటుంది. ముందు వదులుగా, తర్వాత లోపలి అమరిక మారి గట్టిగా బిగుస్తుంది. దీన్ని అమడోరి రూపం అంటారు. ఇక్కడి దాకా వచ్చాక మన జీర్ణరసంలోని ట్రిప్సిన్ ఆ లైసిన్ దగ్గర గొలుసుని తెంపలేదు, ఎలాగోలా విడిపోయినా చక్కెర అంటుకున్న లైసిన్‌తో శరీరం కొత్త ప్రోటీన్ కట్టుకోలేదు. అంటే పోషకం పరంగా ఆ లైసిన్ లేనట్టే. ఇంతా చేసి ఈ దశలో రంగు ఉండదు, వాసన ఉండదు! పొడి తెల్లగానే ఉంటుంది. గోధుమ రంగు పదార్థాలు ఆ తర్వాతి దశల్లో వస్తాయి. అందుకే రంగు చూసి నష్టాన్ని అంచనా వేసే వాళ్లంటే నాకు పడదు, రంగు కనిపించేసరికి జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

అప్పుడు మేనేజర్ గారు, సరే లైసిన్‌నే కొలిపిద్దాం అని బయటి ల్యాబ్‌కి అమైనో ఆమ్లాల పరీక్షకి పంపారు. అందులో లైసిన్ కొంచెమే తగ్గినట్టు వచ్చింది, ఆయనకి మళ్లీ ధైర్యం వచ్చింది. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ పరీక్షలో ప్రోటీన్‌ని గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గంటల తరబడి మరిగించి ముక్కలు చేస్తారు. ఆ ఆమ్లం అమడోరి రూపాన్ని కూడా విరగ్గొట్టి, అందులో ఇరుక్కున్న లైసిన్‌లో నలభై యాభై శాతాన్ని తిరిగి మామూలు లైసిన్‌గా వదిలేస్తుంది. మన కడుపు ఆ పని చేయలేదు. లెక్క వేసి చూడండి. వంద లైసిన్లలో 30కి చక్కెర పట్టుకుంది అనుకుందాం. ఒంటికి పనికొచ్చేవి 70. ఆమ్లం ఆ ముప్ఫైలో 12 నుంచి 15 దాకా విడిపించి ఇస్తుంది, కాబట్టి రిపోర్టులో 82 నుంచి 85 కనిపిస్తాయి. అసలు నష్టంలో సగమో, సగానికి కాస్త ఎక్కువో మాత్రమే కాగితం మీదికి వస్తుంది.

నేను పట్టుబట్టి ఫ్యూరోసిన్ కొలిపించాను. ఆమ్లంలో మరిగించినప్పుడు అమడోరి రూపంలోంచి లైసిన్‌తో పాటు ఫ్యూరోసిన్ అనే పదార్థం కూడా పుడుతుంది, పాడవని లైసిన్ నుంచి ఇది రాదు. కాబట్టి ఫ్యూరోసిన్ ఎంత ఉందో తెలిస్తే ఎంత లైసిన్ బిగుసుకుందో వెనక్కి లెక్క కట్టొచ్చు. వాపసు వచ్చిన బస్తాల్లో అది బాగా ఎక్కువ వచ్చింది, అది ఊహించినదే. గోడకి కాస్త దూరంగా ఉండి, చూడటానికి తెల్లగా, గడ్డ కట్టకుండా ఉన్న బస్తాల్లో కూడా చల్లటి వైపు సరుకు కన్నా స్పష్టంగా ఎక్కువ వచ్చింది. ఆ అంకెలు టేబుల్ మీద పెట్టాకే ఆ లాట్‌ని వేరు చేశారు.

గడ్డల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రంగు రాకముందు ఇంట్లో పరికరాలేవీ లేకుండా కనిపెట్టగలిగేది అదొక్కటే. స్ప్రే డ్రయర్‌లోంచి వచ్చిన పొడిలో లాక్టోజ్ స్ఫటికంగా ఉండదు, గాజులా బిగుసుకుపోయి ఉంటుంది. ఆ స్థితిలో అణువులు కదలలేవు కాబట్టి లైసిన్, లాక్టోజ్ పక్కపక్కనే ఉన్నా కలవడం చాలా నెమ్మది. మూత వదులై పొడి తేమ పీల్చుకుంటే లేదా వేడి పెరిగితే ఆ గాజు మెత్తబడుతుంది, లాక్టోజ్ స్ఫటికాలు కట్టడం మొదలుపెడుతుంది, అప్పటిదాకా తాను పట్టి ఉంచుకున్న నీటిని పక్కనున్న ప్రోటీన్ మీదికి వదిలేస్తుంది. ఇక రియాక్షన్ ఊపందుకుంటుంది. మరీ పొడిగా ఉన్నా, పలుచగా నీళ్లలో ఉన్నా మెయిలార్డ్ మందగిస్తుంది, మధ్యస్తంగా చెమ్మగా ఉన్నప్పుడే జోరు. కాబట్టి గట్టి గడ్డలు కనిపించాయంటే, రంగు ఇంకా రాకపోయినా, ఆ డబ్బాలో లైసిన్ నష్టం వేగం అందుకుందని అనుకోవచ్చు.

ఇప్పుడు కేరమెల్ పక్కకి వస్తే, పాన్‌లో వట్టి చక్కెర కరిగించి ఎర్రగా చేస్తే అందులో లైసిన్ పోయే ప్రశ్నే లేదు, ఎందుకంటే అక్కడ ప్రోటీనే లేదు. చక్కెర విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అయ్యి, వాటిలోంచి నీరు పోయి డయాసిటైల్ వల్ల వెన్న వాసన, మాల్టాల్ వల్ల తియ్యటి కమ్మదనం, ఫ్యూరాన్ల వల్ల కాలిన చక్కెర ఘుమఘుమ వస్తాయి, ఇంకా కాస్త ఉంచితే చేదు, పులుపు. అందులో నత్రజని లేదు కాబట్టి బ్రెడ్ పైపెచ్చు, కాఫీ గింజ, కాల్చిన మాంసం లాంటి వేపుడు వాసన ఎన్నటికీ రాదు. ఆ వాసనలు మెయిలార్డ్‌వి. చక్కెర విరిగిన ముక్కలు అమైనో ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ లాగేసి ఆల్డిహైడ్‌లు చేస్తాయి, ల్యూసిన్ అయితే మాల్ట్ వాసన, ఫినైల్అలనిన్ అయితే తేనె వాసన, మెథియోనిన్ అయితే ఉడికిన బంగాళదుంప వాసన. పాలపొడిని వెన్నలో వేపితే కమ్మగా ఉండి, అదే పొడి డబ్బాలో నెలల తరబడి రంగు మారితే నిలవ వాసన రావడానికి కారణం కూడా ఇదే. తక్కువ వేడిలో రియాక్షన్ ఎక్కువగా మొదటి, మధ్య దశల్లోనే తచ్చాడుతుంది, ఆ మంచి వాసనలు పుట్టే దాకా పెద్దగా వెళ్లదు. లైసిన్ పోతుంది, రుచి మాత్రం దక్కదు.

చక్కెర కలిపిన చిక్కటి పాలని ప్రెషర్ కుక్కర్‌లో గోధుమ రంగు వచ్చేదాకా ఉడికించి దాన్ని కేరమెల్ అని అమ్ముతుంటారు, అది కూడా నాకు నచ్చదు. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. తెల్ల చక్కెరలో రెండు చివరలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అది లైసిన్‌ని నేరుగా పట్టుకోలేదు. అక్కడ రంగు తెచ్చేది దాదాపుగా లాక్టోజూ పాల ప్రోటీనూ కలిసి చేసే మెయిలార్డే. పేరు కేరమెల్, ఖర్చయ్యేది లైసిన్.

దీన్ని చదివి బ్రెడ్ పైపెచ్చు తీసేసి తినడం, కాచిన పాలు మానేయడం చేయకండి. పెచ్చులో పోయే లైసిన్ రొట్టె మొత్తంలో చిన్న వంతే, పాలు మామూలుగా మరిగిస్తే జరిగే నష్టం కూడా తక్కువే. రోజూ పప్పులు, గుడ్లు, పాలు అన్నీ తినేవాళ్లకి ఈ డబ్బా ఒక లెక్కలోది కాదు. లెక్కలోకి వచ్చేది తినేదానిలో ప్రోటీన్ అంతా ఒకే చోటి నుంచి వస్తున్నప్పుడు, ముఖ్యంగా పొడి పాల మీదే ఆధారపడ్డ పసిపిల్లల విషయంలో. ధాన్యాల్లో లైసిన్ ముందే తక్కువ కాబట్టి, ఆ లోటు పూడ్చడానికే పాలపొడి కలిపే ఆహారాల్లో కూడా ఇది ముఖ్యం.

కాబట్టి మీ డబ్బా పసిపిల్లల కోసమైతే నిస్సంకోచంగా పారేయండి. మీ కోసమైతే, ముక్కిన నూనె వాసన గానీ బూజు గానీ లేకపోతే వంటలో వాడి ముగించేయొచ్చు, ప్రోటీన్ కోసం మాత్రం దాని మీద ఆధారపడకండి. కొత్తది కొన్నాక స్టవ్ పక్కన పెట్టకండి, తడి చెంచా పెట్టకండి. లాక్టోజ్ లేని పాలపొడి కొంటే ఇంకాస్త జాగ్రత్త, అందులో లాక్టోజ్‌ని ముందే గ్లూకోజ్, గాలక్టోజ్‌గా విడగొట్టి ఉంటారు, ఆ రెండూ లైసిన్‌ని లాక్టోజ్ కన్నా వేగంగా పట్టుకుంటాయి. చిన్న ప్యాకెట్ కొని తొందరగా వాడేయడమే నయం.