డెమోలు అరవై రెండు, కౌంటర్ మీద కార్బన్ పుస్తకం

"మా సేల్స్ టీమ్‌లో నలుగురే ఉన్నారు. ఓకేఆర్‌లు రాసుకున్న ప్రతిసారీ అవి చివరికి చేయాల్సిన పనుల చిట్టాలా తయారవుతున్నాయి. అలా కాకుండా ఎలా రాయాలి?"

ఓకేఆర్ అంటే ఒక లక్ష్యం, అదే ఆబ్జెక్టివ్, దాని కింద అక్కడికి చేరామో లేదో చెప్పే అంకెలు, అవే కీ రిజల్ట్‌లు. మీరు రాసుకున్న ఒక్కో కీ రిజల్ట్‌నీ ఇలా అడిగి చూడండి: బయటివాళ్లెవరూ వేలు కదపకపోయినా, మావాళ్లు చెమటోడిస్తే ఇది పూర్తవుతుందా? అవుతుందంటే అది పని. వారానికి యాభై కాల్స్ అని రాస్తే, అవతలివాడు ఫోను కట్ చేసినా కాల్ లెక్కలో పడిపోతుంది. కస్టమర్ ఏదో ఒకటి చేస్తేనే కదిలే అంకె అయితే అది కీ రిజల్ట్. ఇంత తేలిక విషయం నాకు తెలిసొచ్చింది ఏ ట్రైనింగ్‌లోనో కాదు, తెనాలిలో ఒక మెడికల్ షాపు కౌంటర్ ముందు.

మేం మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. విజయవాడ, గుంటూరు, తెనాలి, మచిలీపట్నం రూట్లకు నలుగురు, వాళ్ల మీద నేను. ఏప్రిల్‌లో మా ఓనరు ఎక్కడో విని వచ్చి ఓకేఆర్‌లు పెట్టాలన్నాడు. ఆబ్జెక్టివ్ దగ్గర "మన ఏరియాలో మనమే నంబర్ వన్ కావాలి" అని రాశాం. దాని కింద మనిషికి నెలకు 60 డెమోలు, రోజుకు 25 ఫోన్లు, కలిసిన ప్రతి షాపూ అదే రోజు షీట్‌లోకి ఎక్కాలి. కొత్త బ్రోషర్ కూడా ఒకటి పెట్టుకున్నాం, అది ఎవరి కీ రిజల్టో ఇప్పటికీ తెలియదు.

జూన్ నెలాఖరుకు షీటంతా పచ్చగా ఉంది. తెనాలి కుర్రాడైతే ఆ నెలలో 62 డెమోలు ఇచ్చాడు. మూడు నెలల్లో అందరం కలిసి అమ్మింది 31 లైసెన్సులు. అంతకుముందు మూడు నెలల్లో, ఈ గోలంతా లేకుండానే, 33 అమ్మాం.

జూలైలో ఆ కుర్రాడి బండెక్కి నేనూ రూటుకు వెళ్లాను. మార్కెట్ దగ్గర ఒక షాపు, మే నెలలో మన దగ్గర కొన్నది. కౌంటర్ మీద కంప్యూటర్ ఉంది, దాని మీద పూల గుడ్డ కప్పి ఉంది. గుడ్డ మీద కార్బన్ పెట్టి రాసే బిల్లు పుస్తకం. ఆయన మా ముందే ఇద్దరికి చేత్తో బిల్లు రాసిచ్చి, అప్పుడు మా వైపు తిరిగాడు. "సాఫ్ట్‌వేర్‌కేం బాబూ, బ్రహ్మాండంగా ఉంది. ఈ అరల్లో ఉన్న సరుకంతా దాంట్లోకి ఎవరు ఎక్కిస్తారు?"

సమస్యంతా అక్కడుంది. ఓ మాదిరి మందుల షాపులో రెండు వేల రకాలకు పైనే ఉంటాయి. ఒక్కోదానికి బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ కొట్టాలి. ఒకే మందు రెండు బ్యాచ్‌లుంటే రెండుసార్లు. పాత స్టాకు లోపలికి ఎక్కనిదే బిల్లు తెరిస్తే మందు పేరే కనపడదు, ఆయన మళ్లీ పుస్తకం తీస్తాడు. బయటికొచ్చాక కుర్రాణ్ణి అడిగితే, "తెలుసు సార్, చాలా షాపుల్లో ఇదే. కూర్చుని ఎక్కిస్తే మూడు రోజులు పడుతుంది. మూడు రోజులంటే నాకు తొమ్మిది డెమోలు పోతాయి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాణ్ణి అలా ఆలోచించేలా చేసింది నేను రాసిన షీటే.

జూలై నెలాఖరుకు ఆ 31 షాపులకూ ఫోన్లు చేసి, బ్యాకప్‌లలో బిల్లుల లెక్క చూశాం. కౌంటర్ మొత్తం మన సాఫ్ట్‌వేర్ మీద నడుపుతున్నవి 9. అసలు తెరవడమే మానేసినవి 11. మిగతావి అప్పుడోటి అప్పుడోటి కొడుతున్నాయి. ఏడాది తిరిగాక రెన్యువల్‌కు వెళ్తే ఆ 11 మంది ఏమంటారో వేరే చెప్పాలా?

ఆగస్టు నుంచి అక్టోబరు వరకు కొత్తగా రాసుకున్నాం. త్రైమాసికం మధ్యలో మార్చకూడదని మా ఓనరు గొడవ పెట్టాడు. తప్పని తెలిశాక త్రైమాసికం చివరిదాకా మోయడమెందుకని నేను వినలేదు. ఆబ్జెక్టివ్: "కొన్న షాపు చేతి బిల్లు మానేయాలి." దాని కింద మూడే. కొన్న 30వ రోజు నాటికి రోజుకు 40 బిల్లులు దాటి కొడుతున్న షాపులు 9 నుంచి 24 కావాలి. వాడుతున్న షాపు ఓనరు చెబితే వచ్చి కొన్నవి 3 నుంచి 10. కొని మానేసినవి 11 నుంచి 4కు తగ్గాలి.

మూడోది ఎందుకంటే, మొదటి రెండూ ముందుకు తోసేవి, అదొక్కటి వెనక్కి లాగేది. ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ ఈ ఓకేఆర్ పద్ధతికి మూలపురుషుడు. ఎంత చేశామనే కొలతకు ఎంత బాగా చేశామనే కొలతను జత కట్టమనేవాడు. 1999లో ఆయన దగ్గర నేర్చుకున్న జాన్ డోర్ ఓకేఆర్‌లను గూగుల్‌కు నేర్పేనాటికి అది ఇంకా చిన్న కంపెనీయే, కాబట్టి ఇవన్నీ పెద్దవాళ్లకే అనే మాట నమ్మకండి. రంగురంగుల స్లైడ్‌లు పట్టుకొచ్చే కన్సల్టెంట్లు పన్నెండు కీ రిజల్ట్‌లు రాయించిపోతారు గానీ ఈ జత సంగతి చెప్పరు.

రాసేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. అక్టోబరు 20న కొన్న షాపుకు 30వ రోజు నవంబరులో పడుతుంది కదా, దాన్ని ఎందులో లెక్కేయాలి? 30వ రోజు ఈ మూడు నెలల్లో పడితేనే లెక్క అని ముందే తేల్చేసుకున్నాం. అలా తేల్చకపోతే చివరి వారమంతా లెక్కల మీద కొట్లాటే. మీరు అమ్మేది కొనడానికి నాలుగు నెలలు ఆలోచించే సరుకైతే, మూడు నెలల ఓకేఆర్‌లో అమ్మకం అంకె పెట్టడమే వృథా. కొనేవాడు మధ్యలో వేసే అడుగు ఒకటి ఎంచుకోండి, ఉదాహరణకు వాళ్లే తమ పాత లెక్కలు మీకు పంపడం.

శాతాల జోలికి మాత్రం వెళ్లకండి. నలుగురి టీమ్‌లో ఒక్కో మనిషి నెలకు రెండో మూడో అమ్ముతాడు. పన్నెండు డెమోలకు మూడు అమ్మితే 25 శాతం, నాలుగు అమ్మితే 33 శాతం. ఒక్క షాపాయన మనసు మారినందుకు మనం చప్పట్లు కొట్టుకోవడమా? విడి అంకెలే రాయండి.

ఇక్కడ నేనూ ఒక తెలివితక్కువ పని చేశాను. ఆగస్టులో వాడకంలోకి వచ్చిన ఒక్కో షాపుకు కుర్రాళ్లకు 500 రూపాయలిస్తానన్నాను. మూడో వారంలో ఒక షాపు ఉన్నట్టుండి రోజుకు సరిగ్గా 41 బిల్లులు చూపించింది. తెరిచి చూస్తే అన్నీ మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర లోపే, అన్నిట్లోనూ ఒక్క పారాసెటమాల్ మాత్రే. షాపాయన భోజనానికి వెళ్లినప్పుడు మనవాడు కూర్చుని కొట్టాడు. స్టాకు లెక్క తప్పి ఆయన నాకు ఫోన్ చేసి చెడామడా తిట్టాడు. ఆ 500 అదే రోజు తీసేశాను. అమ్మకం మీద ఎప్పటినుంచో ఉన్న ఇన్సెంటివ్ అలాగే ఉంచి, ఓకేఆర్ అంకెకు జీతంతో సంబంధం తెంచేశాం.

ఈ జబ్బు నాకు కొత్తేమీ కాదు. ఇంతకుముందు నేను మందుల కంపెనీలో రెప్‌గా పనిచేశాను. రోజుకు ఇంతమంది డాక్టర్లని రిపోర్టు నింపాలి. డాక్టరు దొరక్కపోతే కాంపౌండరుకు శాంపిల్ ఇచ్చి డాక్టర్ని కలిసినట్టు రాసేవాళ్లం. నెలాఖరు రాత్రి స్టాకిస్టు కాళ్లావేళ్లా పడి సరుకు దించేవాళ్లం. కంపెనీ పుస్తకంలో టార్గెట్ అయిపోయినట్టే. షాపులకు మాత్రం ఒక్క స్ట్రిప్పూ ఎక్కువ పోలేదు, రెండు నెలలకు ఆ పెట్టెలే తిరిగొచ్చేవి. స్టాకిస్టుకు దించింది ప్రైమరీ, స్టాకిస్టు దగ్గర్నుంచి షాపుకు పోయింది సెకండరీ అంటారు. ఓకేఆర్ రాసేటప్పుడు ఆ రెండో లెక్కనే పట్టుకోవాలి, మొదటిది పట్టుకుంటే మీ షీటు కూడా నా జూన్ షీటులాగే పచ్చబడుతుంది.

మరి పనులెక్కడ రాయాలంటారా? మా దగ్గర ఒక వైట్‌బోర్డు ఉంది. సోమవారం టీ తాగుతూ పాతిక నిమిషాలు కూర్చుంటాం. మూడు అంకెలూ చదువుతాం, ఎక్కడ ఆగిందో ఆ రూటువాడు చెబుతాడు, ఈ వారం ఏం చేస్తాడో బోర్డు మీద రాస్తాడు. తర్వాతి సోమవారం బోర్డు తుడిచేస్తాం, అంకెలు మాత్రం అవే. ఏం చేయాలో నేను రాయడం మానేసిన మూడో వారంలోనే మచిలీపట్నం అమ్మాయి ఒక ఉపాయం పట్టుకొచ్చింది. రెండు వేల రకాలూ ఎక్కించక్కర్లేదు, బాగా కదిలే మూడొందలతో మొదలుపెడదాం, మిగతావి హోల్‌సేలర్ కంప్యూటర్ నుంచి కొనుగోలు బిల్లు ఫైలు తెప్పించి, సరుకు వచ్చినప్పుడల్లా నేరుగా దించుకుందాం అంది. మూడు రోజుల పని ఒక మధ్యాహ్నానికి వచ్చింది. "షాపుకు మూడు రోజులు కూర్చుని స్టాకు ఎక్కించాలి" అని నేనే కీ రిజల్ట్‌గా రాసుంటే, ఆ పిల్ల పాపం మూడేసి రోజులు కూర్చుని ఎక్కిస్తూనే ఉండేది.

అక్టోబరు నెలాఖరుకు 24కు 19 వచ్చాయి, 10కి 7 వచ్చాయి. మానేసినవి 4కు తగ్గలేదు, 5 దగ్గర ఆగాయి. అమ్మకాలు మాత్రం 28కి పడ్డాయి. ఓనరు నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. నేను ఇంకో మూడు నెలలు ఆగమన్నాను. జనవరి నెలాఖరుకు 37 అమ్మాం, అందులో 14 షాపువాళ్లు ఒకరికొకరు చెప్పుకుని వచ్చినవే. విజయవాడలో పోటీ కంపెనీ డీలరు దుకాణం మూసేయడం వల్లే పెరిగిందని ఓనరు అంటాడు. ఆ డీలరు మూసింది జనవరి మధ్యలో, అప్పటికే మాకు 30 దాటాయి, నేను ఒప్పుకోను.

మీరేం అమ్ముతారో రాయలేదు. అది రాసి, ఇప్పుడున్న కీ రిజల్ట్‌లు ఉన్నవి ఉన్నట్టు కింద పెడితే, ఏవి బోర్డు మీదకు పోవాలో చెబుతాను. తెనాలి షాపాయన ఇప్పుడు కంప్యూటర్ మీదే కొడుతున్నాడు. పూల గుడ్డ మాత్రం తీయలేదు, మడిచి మానిటర్ మీద వేసుకున్నాడు. కార్బన్ పుస్తకం సొరుగులో ఉంది, కరెంటు పోతే కావాలట.