యాత్ర ఏడాది లెక్కతో సరుకు కొనవచ్చా?

ప్రశ్న: బరంపురంలో మాకు బట్టల కొట్టు ఉంది. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు 36 లక్షల అమ్మకం జరిగింది, నెల సగటు 3 లక్షలు. ఒక్కో నెల అమ్మకాన్ని సగటుతో భాగించి వందతో హెచ్చవేస్తే ఏప్రిల్‌కు 180, సెప్టెంబర్‌కు 150, అక్టోబర్‌కు 120, జూలైకి 50 వచ్చాయి. ఈ సూచికలను నమ్మి ఈ ఏడాది సరుకు తెప్పించుకోవచ్చా?

జవాబు: మీ భాగహారంలో తప్పు లేదు, తీసుకున్న ఏడాదిలోనే చిక్కు ఉంది. 2025 ఏప్రిల్ ఠాకురాణీ యాత్ర నెల. ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీ పుట్టింటికి వచ్చేది రెండేళ్లకోసారి. అంటే ఆ 180 ఏప్రిల్‌ది కాదు, అమ్మవారిది!

యాత్ర లేని 2024 ఏప్రిల్ బిల్లు పుస్తకం తీయండి. అందులో 3 లక్షలు ఉందనుకుందాం. 2025 ఏప్రిల్ అమ్మకం 5.4 లక్షల స్థానంలో దాన్ని పెడితే ఏడాది మొత్తం 33.6 లక్షలు, సగటు 2.8 లక్షలు అవుతుంది. ఏప్రిల్ సూచిక 107కు దిగుతుంది, సెప్టెంబర్ 161కి, జూలై 54కు పెరుగుతాయి. పన్నెండు సూచికలూ కలిపితే 1200 రావాలి కనుక ఒకటి తగ్గితే మిగతావి పెరుగుతాయి.

అయినా ఆ 161ని నమ్మి సెప్టెంబర్‌కు సరుకు దించుకోకండి. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది, కాబట్టి కొనుగోళ్లన్నీ సెప్టెంబర్‌లో పడ్డాయి. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి దసరా అక్టోబర్ 20కి, దీపావళి నవంబర్ 8కి వెళ్లాయి. అధిక మాసంలో పెళ్లిళ్లు ఉండవు కనుక మే, జూన్ నెలల పట్టుచీరలూ కొంచెం తగ్గించండి. ఇక బిల్లులను తేదీలవారీగా చూడండి. సెప్టెంబర్ 4.5 లక్షల్లో 2 లక్షలు దసరావనీ, అక్టోబర్ 3.6 లక్షల్లో ఒక లక్ష దీపావళిదనీ తేలితే, వాటిని పండుగ వెంట జరపాలి. అప్పుడు సెప్టెంబర్ 2.5, అక్టోబర్ 4.6 అవుతాయి. నవంబర్‌కు లక్ష కలుస్తుంది.

అసలు ఇబ్బంది డబ్బు దగ్గర వస్తుంది. రూపాయి అమ్మకంలో కొన్న ధర 75 పైసలైతే, అక్టోబర్ సరుకు 3.45 లక్షలు. అది సెప్టెంబర్ 10న దిగి, నెల రోజుల అరువైతే, అక్టోబర్ 10న చెల్లించాలి. పండుగ బేరం జోరందుకునేది ఆ తర్వాతే. ఆ రోజుకు ఆ నెల అమ్మకంలో మూడో వంతు, అంటే లక్షన్నర గల్లాలో ఉందనుకున్నా, దాదాపు 2 లక్షలు తక్కువ. జూలైలో అమ్మకమే లక్షన్నర, లాభం 37,500. అద్దె, జీతాలు పోతే దాచడానికి ఏమీ మిగలదు. అందుకే ఆ 2 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్‌ను ఆగస్టులోనే అడిగి పెట్టుకోండి, లేదా సరఫరాదారుతో గడువు నెలాఖరుకు మార్పించుకోండి.

5.4 లక్షల కాగితాన్ని మాత్రం పారేయకండి. 2027 ఏప్రిల్ యాత్రకు ఫిబ్రవరిలో సరుకు చెప్పేటప్పుడు అదే కావాలి.