దస్తావేజులో షరతు లేకపోయినా పెద్దమ్మ ఇల్లు తిరిగొచ్చింది

ప్రశ్న: మా నాన్నకు 74 ఏళ్లు, చెన్నైలో ఉంటారు. 2019లో ఇల్లు తమ్ముడి పేరు మీద సెటిల్‌మెంట్ చేశారు. ఇప్పుడు వాడు అన్నం కూడా పెట్టడం లేదు. దస్తావేజులో "చూసుకోవాలి" అని ఎక్కడా లేదు. రద్దు చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. కానీ "దస్తావేజులో లేదు" అన్నారు చూడండి, ఇలాంటి కేసులన్నీ ఆ ఒక్క మాట దగ్గరే తేలతాయి. పెరంబూరులో ఉండే మా పెద్దమ్మ విషయంలోనూ అంతే.

ఆవిడ 2018లో ఇల్లు కొడుక్కి, అంటే మా అన్నకి, రాసిచ్చింది. దస్తావేజులో "ప్రేమాభిమానాలతో" అన్న మామూలు మాట తప్ప ఇంకేం లేదు. నాలుగేళ్లకి వంటింటికి తాళం పడింది. మేం మొదట చేసిన తప్పు, డాక్యుమెంట్ రైటర్ మాట నమ్మి రద్దు పత్రం రాయించడం. ఒకసారి రిజిస్టరై, స్వాధీనమైన గిఫ్టును ఇచ్చినవాళ్లే ఏకపక్షంగా రద్దు చేసుకోవడం కుదరదని చెప్పి సబ్ రిజిస్ట్రార్ తిప్పి పంపారు. రాయించిన ఖర్చు దండగ.

దారి వేరే ఉంది. 2007 నాటి తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్. తమిళనాడులో ఆర్డీవోనే ట్రిబ్యునల్ (బెంగళూరులో అయితే అసిస్టెంట్ కమిషనర్). నేను రెండు పేజీల పిటిషన్ రాశాను. వీధిలో ఉండే రిటైర్డ్ తహసీల్దారు గారు అది చదివి, "బాబూ, ఇందులో కథంతా ఉంది, కేసే లేదు" అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. 23వ సెక్షన్‌లో రెండు ముక్కలున్నాయి. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చారు, ఇది ఒకటి. చూసుకోలేదు, ఇది రెండోది. ఈ రెండూ రుజువైతేనే ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు లెక్క. అప్పుడే ట్రిబ్యునల్ దాన్ని చెల్లదని ప్రకటించగలదు. నేను రెండోదే రాసి మొదటిది వదిలేశాను. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో ఒక తల్లి ఇలాగే ఓడిపోయింది. కూతుళ్లకు విడుదల పత్రం రాసిచ్చిన ఆవిడ, షరతు మీద ఇచ్చానని కనీసం పిటిషన్‌లో కూడా చెప్పుకోలేదు.

అందుకని మొదటి పేరాలోనే రాశాం: "చివరిదాకా తిండి, మందులు, ఉండడానికి గది ఇస్తానన్న మాట మీదే ఇచ్చాను." మరి రుజువు? రిజిస్ట్రేషన్ జరిగిన వారం అన్న పంపిన వాయిస్ మెసేజ్ పెద్దమ్మ పాత ఫోన్‌లో ఉంది. "నువ్వేం భయపడకమ్మా, రేపట్నుంచి నీ ఖర్చంతా నాదే." ఆ ఫోన్ ఛార్జింగ్ నిలవదు. హియరింగ్ రోజు పవర్ బ్యాంక్ తగిలించి వినిపించాం. రెండో ముక్కకి వీధి చివర మెస్ వాళ్ల ఖాతా పుస్తకం పనికొచ్చింది: పదకొండు నెలలు పొద్దున నాలుగిడ్లీలు, రాత్రి రెండు చపాతీలు, డబ్బు కట్టింది మా పిన్ని. మందుల బిల్లులూ పిన్ని పేరుతోనే ఉన్నాయి.

మా హియరింగ్‌లో లాయర్లను మాట్లాడనివ్వలేదు. పెద్దమ్మే తెలుగు, తమిళం కలిపేసి చెప్పింది. అన్న మాత్రం ఆ 2022 తీర్పు ప్రింట్ పట్టుకొచ్చి, దస్తావేజులో షరతు లేదుగా అన్నాడు. ఆర్డీవో గారు అడిగింది ఒకటే: "ఈ గొంతు మీదేనా?" ఆర్డర్ ఎనిమిది నెలలకు వచ్చింది, పెద్దమ్మకు అనుకూలంగా.

మీకు అప్పటికన్నా ఇప్పుడు బలం ఎక్కువ. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి గిఫ్టును రద్దు చేసింది. అందులో గిఫ్టు డీడ్‌తో పాటు కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని లెక్కలోకి తీసుకుంది. స్వాధీనం కూడా ట్రిబ్యునల్ ఇప్పించవచ్చంది. అదే ఏడాది మార్చిలో నాగపట్నం పెద్దావిడ కేసులో మద్రాస్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ప్రేమాభిమానాలతో ఇచ్చారంటేనే చూసుకోవాలన్న షరతు అందులో ఇమిడి ఉన్నట్టేనంది. అయినా దాని మీదే భారం వేసి కూర్చోవద్దని నా అభిప్రాయం. నాన్నగారు ఏ మాట మీద ఇచ్చారో తేదీలతో రాయండి. అప్పుడు పక్కన ఉన్న బంధువులెవరైనా ఉంటే వాళ్ల వాంగ్మూలం జత చేయండి. ఉత్త మాటల గొడవలు, కోడలితో పడకపోవడం లాంటివి రాస్తే కేసు పలచబడుతుంది.

ఇంకొకటి, పిటిషన్ వేసే ముందే tnreginet.gov.in లో ఇంటి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ తీయండి. తమ్ముడు ఇప్పటికే వేరేవాళ్లకు అమ్మేసి ఉంటే, కొన్నవాళ్లు డబ్బిచ్చి, ఈ సంగతి తెలియక కొన్నారంటే, చిక్కు చాలా పెద్దది. నెలనెలా పోషణ ఖర్చు కూడా కావాలని ఆర్డీవోకే పెట్టుకోవచ్చు, ఇల్లు తేలేదాకా ఆగక్కర్లేదు.

ఆర్డర్ చేతికొచ్చాక సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్‌కి ఇచ్చి ఎంట్రీ చేయించాలి. దానికి మేం మరో రెండు నెలలు తిరిగాం. ఈసీలో ఆ ఎంట్రీ కనబడకముందే పట్టా మార్పుకు అప్లై చేయకండి, మాది ఒకసారి వెనక్కొచ్చింది.